హోటల్ వదిలినా కార్డును వదలని డిపాజిట్

ప్రశ్న: మాది నెల్లూరు. నాన్నగారి కంటి ఆపరేషన్ కోసం చెన్నై వచ్చి, నుంగంబాక్కంలో ఒక హోటల్లో 3వ తేదీ నుంచి 6వ తేదీ దాకా ఉన్నాం. దిగేటప్పుడు డిపాజిట్ అని నా డెబిట్ కార్డు మీద 15,000 రూపాయలు తీసుకున్నారు. ఖాళీ చేసేటప్పుడు 13,840 బిల్లుకు మళ్ళీ కార్డు పెట్టించుకున్నారు. డిపాజిట్ రిలీజ్ చేశాం, బ్యాంకును అడగండి అని హోటల్ వాళ్ళంటారు. హోటలే వదలాలి అని బ్యాంకు వాళ్ళంటారు. ఈరోజు 12వ తేదీ. పాస్‌బుక్‌లో 32,160 పడింది, ఏటీఎంలో మాత్రం 17,160 చూపిస్తోంది. 20న నాన్నగారికి రెండో కన్ను ఆపరేషన్. అప్పటిదాకా వలసరవాక్కంలో పిన్నివాళ్ళ ఇంట్లో ఉంటున్నాం. ఆ డబ్బు ఎప్పటికి వస్తుంది? — ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికివచ్చే సంగతి ఆ రెండు అంకెలు. 32,160లోంచి 17,160 తీసేస్తే సరిగ్గా 15,000 వస్తుంది. అంటే ఆ డబ్బు మీ ఖాతా దాటి ఎక్కడికీ పోలేదు. హోటల్ చేతికి అందలేదు కాబట్టి హోటల్ వెనక్కి పంపవలసిందీ లేదు. మీ ఖాతాలోనే ఉంది, దాని మీద బ్యాంకు తాళం వేసింది. పాస్‌బుక్ ఖాతాలో ఉన్న మొత్తాన్ని చూపిస్తుంది, ఏటీఎం మీరు తీసుకోగలిగినదాన్ని చూపిస్తుంది. బ్యాంకు వాళ్ళు ఈ తాళాన్ని హోల్డ్ అంటారు, లీన్ అంటారు. నెట్ బ్యాంకింగ్ ఉంటే ఖాతా వివరాల్లో లీన్ మొత్తం అనే వరుస చూడండి, అక్కడ 15,000 కనిపించాలి.

డబ్బు కట్ అయినట్టు 3వ తేదీన మీ ఫోనుకు సందేశం వచ్చి ఉండవచ్చు. దాన్ని చూసి బెంగపడకండి. చాలా బ్యాంకులు హోల్డుకూ, అసలు చెల్లింపుకూ ఒకే మాటలతో సందేశం పంపుతాయి. పాస్‌బుక్‌లో 15,000కు విడిగా ఒక పద్దు పడిందా లేదా అన్నదే సాక్ష్యం. పడలేదు కాబట్టి అది హోల్డు.

ఎప్పటికి వస్తుందన్నదానికి రెండు జవాబులున్నాయి. హోటల్ వాళ్ళు కార్డు యంత్రం మీద ఆ హోల్డును నిజంగా రద్దు చేస్తే కొన్ని గంటల్లో, మహా అయితే కొన్ని పని దినాల్లో వస్తుంది. వాళ్ళు ఏమీ చేయకపోతే గడువు తీరినప్పుడు దానంతటదే పోతుంది. ఆ గడువు బ్యాంకును బట్టి మారుతుంది. కొన్ని బ్యాంకులు వారం పది రోజుల్లో వదిలేస్తాయి, కొన్ని నెల దాకా పట్టుకుంటాయి. హోటళ్ళు ఇలా ముందుగా తీసుకునే అనుమతి 30 రోజుల దాకా చెల్లేందుకు వీసా, మాస్టర్‌కార్డ్ నియమాలు వీలిస్తాయి. ఈ రోజుల లెక్క మీరు హోటల్ ఖాళీ చేసిన 6వ తేదీ నుంచి కాదు, కార్డు పెట్టిన 3వ తేదీ నుంచి. చాలామంది ఇక్కడే పొరబడతారు. మీకు ఇప్పటికే తొమ్మిది రోజులు గడిచాయి. అయినా 20వ తేదీ ఖర్చుకు ఈ డబ్బు మీద ఆధారపడవద్దు. వేరే ఏర్పాటు ఇవాళే మొదలుపెట్టండి, ఇది ముందే వస్తే మంచిదే.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఎందుకు చెప్పుకుంటున్నారో చెబుతాను. అది తెలిస్తే ఎవరిని ఏమి అడగాలో మీకే తెలుస్తుంది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బ్యాంకు కార్డుల విభాగంలోనే పనిచేశాను. ఇలాంటి పిల్లి–ఎలుక ఫిర్యాదులు వారానికి నాలుగైనా నా బల్ల మీదికి వచ్చేవి.

మీరు దిగినప్పుడు హోటల్ వాళ్ళు చేసినదాన్ని ప్రీ-ఆథరైజేషన్ అంటారు. ఈ కార్డు మీద పదిహేను వేల దాకా బిల్లు రావచ్చు, అంత పక్కన పెట్టి ఉంచండి అని మీ బ్యాంకును అడగడమన్నమాట. బ్యాంకు సరేనని ఒక అనుమతి నంబరు ఇస్తుంది, మామూలుగా అది ఆరు అక్షరాలు, అంకెలు. ఖాళీ చేసే రోజున హోటల్ చేయవలసింది ఆ పాత అనుమతి మీదే బిల్లు పూర్తి చేయడం. యంత్రంలో ఆ నంబరు కొట్టి 13,840 అని వేస్తే అంత మొత్తమే ఖాతాలోంచి వెళుతుంది, మిగిలిన 1,160 మీద తాళం ఊడుతుంది. కార్డు రెండోసారి పెట్టించుకోవలసిన పనే ఉండదు.

మీ దగ్గర రెండోసారి పెట్టించుకున్నారు. పొద్దున్నే ఖాళీ చేసేవాళ్ళు వరుసలో నిలబడి ఉంటారు. మీరు దిగినప్పుడున్న గుమస్తా షిఫ్టు అయిపోయి వెళ్ళిపోయి ఉంటాడు. మూడు రోజుల నాటి స్లిప్పు వెతికి, దాని మీది నంబరు చూసి కొట్టడం కంటే కొత్తగా అమ్మకం వేయడం తేలిక. అలా 13,840 కొత్త నంబరుతో వెళ్ళిపోయింది, పాత 15,000 దిక్కులేకుండా మిగిలిపోయింది. ఈ రెండూ ఒకే గదికి సంబంధించినవని మీ బ్యాంకు కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు. దాని దృష్టిలో హోటల్ ఒక బిల్లు వసూలు చేసుకుంది, ఇంకో బిల్లు రావలసి ఉంది.

బ్యాంకు మీ మాట మీద ఎందుకు వదలదంటే, గడువు లోపల హోటల్ ఆ పాత అనుమతి మీద డబ్బు అడిగితే బ్యాంకు ఇవ్వవలసి ఉంటుంది. మాట ఇచ్చింది కదా. ముందే తాళం తీసేసి, మీరు ఆ డబ్బు ఖర్చు పెట్టేశాక హోటల్ అడిగితే నష్టం బ్యాంకు మీద పడుతుంది. కౌంటర్లో ఉన్న ఉద్యోగి ఈ సంగతి విప్పి చెప్పకుండా హోటలే వదలాలి అని ముక్తసరిగా అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు.

హోటల్ వాళ్ళు కూడా అబద్ధమాడుతున్నారని నేననుకోను. మూడేళ్ళ క్రితం బెంగళూరులో ఒక పెళ్ళికి వెళ్ళి హోటల్లో దిగినప్పుడు నా కార్డు మీద 8,000 ఇలాగే చిక్కుకుంది. ఐదో రోజు నేనే వెళ్ళాను. గుమస్తా కుర్రవాడు ఎంతో మర్యాదగా కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించాడు. నా గది నంబరు, పక్కన డిపాజిట్, దాని ఎదురుగా సున్నా. రిలీజ్ చేశాను సార్ అన్నాడు. అతని వరకు నిజమే. అయితే అది హోటల్ గదుల లెక్కలు చూసుకునే కంప్యూటర్. దాని పక్కనే ఉన్న కార్డు యంత్రం వేరు. మన దగ్గర చాలా హోటళ్ళలో ఆ రెండింటికీ మధ్య ఏ తీగా లేదు. కంప్యూటర్‌లో సున్నా వేస్తే హోటల్ లెక్క తేలుతుంది, బ్యాంకుకు కబురు అందదు. యంత్రంలో రద్దు చేశారా బాబూ, దాని స్లిప్పు ఏదీ అని అడిగితే అతను ఆగిపోయాడు. అలా చేయాలని అతనికి ఎవరూ నేర్పలేదు. లోపలి నుంచి అకౌంట్స్ ఆయన వచ్చి రెండు నిమిషాల్లో చేశారు. ఆ సాయంత్రానికి నా కార్డు పరిమితి మామూలుగా అయింది.

కాబట్టి రిలీజ్ చేశాం అన్న మాటతో తిరిగి రావద్దు. రద్దు స్లిప్పు అడగండి. అది లేకపోతే రద్దు జరగలేదనే లెక్క.

మీరు వలసరవాక్కంలోనే ఉన్నారు కాబట్టి ఫోను చేయడం మానేసి నేరుగా వెళ్ళండి. పొద్దున ఖాళీ చేసేవాళ్ళ రద్దీ తగ్గాక, పన్నెండు తర్వాత, పని దినం చూసుకుని వెళితే అకౌంట్స్ వాళ్ళు దొరుకుతారు. కార్డు, హోటల్ బిల్లు, రెండు స్లిప్పులూ తీసుకువెళ్ళండి. మొదటి స్లిప్పు పైభాగంలో PRE-AUTH అని, రెండోదాని మీద SALE అని ఉంటుంది. కాగితం మీది అచ్చు త్వరగా వెలిసిపోతుంది, ఇప్పుడే ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. మొదటి స్లిప్పు పోయి ఉంటే దిగులుపడకండి. అనుమతి నంబరు హోటల్ కాపీ మీద ఉంటుంది, మీ బ్యాంకు కస్టమర్ కేర్‌ను అడిగినా చెబుతారు. ఆ నంబరు లేకుండా మాత్రం పని ముందుకు సాగదు.

అక్కడ అడగవలసింది ఒకటే మాట: ‘3వ తేదీన తీసుకున్న 15,000 ప్రీ-ఆథరైజేషన్‌ను యంత్రంలో క్యాన్సిల్ చేసి స్లిప్పు ఇవ్వండి.’ డిపాజిట్ తిరిగి ఇవ్వండి అని అనవద్దు. అలా అంటే మీ డబ్బు మా దగ్గర లేదు అంటారు, అది నిజం కూడా, మాట అక్కడితో ఆగిపోతుంది. కొన్ని యంత్రాలు రద్దుకు కూడా కార్డు మళ్ళీ పెట్టమంటాయి, పిన్ అడుగుతాయి. పిన్ కొట్టే ముందు తెర మీద ఏముందో చదవండి. SALE అని ఉంటే చేయి వెనక్కి తీసుకోండి, అది ఇంకో చెల్లింపు. ఇలా రెండుసార్లు కార్డు పెట్టినవారికి మూడోసారి కూడా పడటం నేను చూశాను.

ఆ యంత్రంలో పాత అనుమతి రద్దు కాకపోవచ్చు. రోజులు గడిచినా, యంత్రం మారినా అలా జరుగుతుంది. అప్పుడు హోటల్ లెటర్‌హెడ్ మీద మీ బ్యాంకుకు ఒక ఉత్తరం రాయించుకోండి. అందులో మీ పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, 3వ తేదీ, 15,000 మొత్తం, అనుమతి నంబరు ఉండాలి. బిల్లు వేరుగా వసూలైందనీ, ఈ అనుమతి మీద ఇక డబ్బు అడగబోమనీ, హోల్డు తీసేయడానికి అభ్యంతరం లేదనీ స్పష్టంగా ఉండాలి. సంతకం, ముద్ర ఉండాలి. బ్యాంకు భయపడేది ఆ ఒక్క విషయానికే కాబట్టి, ఇక అడగబోము అన్న వాక్యం లేకపోతే ఉత్తరం ఉన్నా లేనట్టే. అదే ఉత్తరాన్ని హోటల్ తన అధికారిక ఈమెయిల్ నుంచి మీ బ్యాంకుకు పంపి, మీకు కూడా ఒక ప్రతి పెడితే ఇంకా మంచిది. కార్డు యంత్రం ఇచ్చిన తమ బ్యాంకుకు కూడా హోటల్ వాళ్ళు రాయగలరు, అది వాళ్ళ పని.

ఆ ఉత్తరం పట్టుకుని మీ బ్యాంకు శాఖకు వెళ్ళండి, లేదా కస్టమర్ కేర్‌కు పంపి ఫిర్యాదు నంబరు తీసుకోండి. డబ్బు కట్ అయింది అని రాయించవద్దు. వివాదాస్పద లావాదేవీ అని రాస్తే, పద్దే పడలేదు కాబట్టి వివాదం లేదని మూసేస్తారు. వ్యాపారి అంగీకార పత్రం జతచేసి ప్రీ-ఆథరైజేషన్ హోల్డ్ తొలగించమని కోరుతున్నాను అని రాయండి. శాఖలో చేయలేకపోయినా కార్డుల విభాగానికి పంపగలరు. అక్కడి నుంచి సాధారణంగా రెండు మూడు పని దినాలు పడుతుంది. మీరు రేపే హోటల్‌కు వెళితే 20వ తేదీకి అందే అవకాశం బాగానే ఉంది.

మీకు ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు, ఐదు రోజులు దాటితే రోజుకు వంద రూపాయలు బ్యాంకు ఇవ్వాలని. ఆ నియమం ఉన్న మాట నిజమే. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చింది. అయితే అది విఫలమైన లావాదేవీల కోసం. దుకాణంలో కార్డు పెట్టాక ఖాతాలో డబ్బు తగ్గి, దుకాణదారుకు మాత్రం చెల్లింపు అందినట్టు రాకపోతే, ఆ రోజు కాక ఐదు రోజుల్లో వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 చొప్పున ఇవ్వాలి. మీ ప్రీ-ఆథరైజేషన్ విఫలం కాలేదు, అడిగిన పని అది చక్కగా చేసింది. ఈ నియమం పట్టుకుని బ్యాంకుతో వాదిస్తే మీకున్న ఎనిమిది రోజులూ వాదనలోనే పోతాయి.

అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళాలన్నా ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వచ్చినది సరిగా లేకపోతేనో వెళ్ళాలి. ఆలోగా హోల్డు ఎలాగూ గడువు తీరి పోతుంది. హోటల్ స్లిప్పూ ఇవ్వక, ఉత్తరమూ ఇవ్వక మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ నంబరు మేనేజర్ ముందు పెడితే పని కదలడం చూశాను.

చేయకూడని పనులు రెండున్నాయి. కార్డు బ్లాక్ చేయించవద్దు. తాళం ఉన్నది ఖాతాలోని డబ్బు మీద, కార్డు పోయినంత మాత్రాన అది ఊడదు, పైగా హోటల్లో రద్దు చేయడానికి కార్డు అవసరం కావచ్చు. రెండోది, హోటల్ కస్టమర్ కేర్ అని ఫోనులో వెతికి దొరికిన నంబరుకు ఫోను చేయవద్దు. డిపాజిట్ వెనక్కి ఇస్తామని చెప్పి ఓటీపీ అడిగేవాళ్ళు, ఏదో యాప్ వేసుకోమనేవాళ్ళు అలాంటి నంబర్ల వెనకే కాచుకుని ఉంటారు. మీ బిల్లు మీద అచ్చయిన నంబరే వాడండి. హోల్డు తీయడానికి ఓటీపీతో పని లేదు, కార్డు వెనక ఉన్న మూడు అంకెలతో పని లేదు.

హోల్డు పోయిన రోజున మీకు ఏ సందేశమూ రాకపోవచ్చు. డబ్బు కొత్తగా రావడం లేదు కదా, జమ పద్దు కూడా ఉండదు. ఏటీఎం అంకె పాస్‌బుక్ అంకెతో సమానమైతే పోయినట్టే. వచ్చే నెల మొదటి వారం దాకా మాత్రం పాస్‌బుక్ చూస్తూ ఉండండి. హోటల్లో ఎవరైనా పాత అనుమతిని పొరపాటున పూర్తి చేస్తే 15,000 నిజంగానే వెళ్ళిపోతుంది, అప్పుడు పద్దు పడుతుంది. అది రెండుసార్లు వసూలు చేయడం. ఆ రోజే బిల్లు, రెండు స్లిప్పులు, రద్దు స్లిప్పు లేదా ఉత్తరం జతచేసి బ్యాంకులో వివాద పత్రం ఇవ్వండి. రద్దు స్లిప్పు చేతిలో ఉంటే ఆ వివాదంలో మీరు గెలిచినట్టే.

ఇదే ఇబ్బందిలో ఉన్న ఇంకొందరి కోసం ఒక మాట. పాస్‌బుక్‌లో డిపాజిట్‌కు కూడా పద్దు పడి ఉంటే, హోటల్ ప్రీ-ఆథరైజేషన్ కాక నేరుగా SALE వేసిందన్నమాట. కొన్ని డెబిట్ కార్డులకు ప్రీ-ఆథరైజేషన్ వీలుకాక అలా చేస్తారు. అప్పుడు రద్దు కాదు, రీఫండ్ అడగాలి. డబ్బు నిజంగా హోటల్‌కు వెళ్ళి వెనక్కి రావాలి కాబట్టి మామూలుగా ఐదు నుంచి ఏడు పని దినాలు పడుతుంది. రీఫండ్ వేశామంటే ఏఆర్‌ఎన్ అడగండి, అది 23 అంకెల నంబరు. ఆ నంబరు ఇస్తే ఆ డబ్బు ఎక్కడుందో మీ బ్యాంకు వెతకగలదు. క్రెడిట్ కార్డు మీద హోల్డు అయితే మీరు వాడుకోగల పరిమితి మాత్రమే తగ్గుతుంది. హోల్డు బిల్లులోకి రాదు, దాని మీద వడ్డీ పడదు.

20న మళ్ళీ ఆసుపత్రి దగ్గర గది తీసుకోవలసి వస్తే డిపాజిట్‌కు డెబిట్ కార్డు ఇవ్వకండి. ఆపరేషన్ డబ్బు ఉన్న ఖాతా మీద తాళం పడనివ్వకూడదు. నగదు ఇచ్చి రసీదు తీసుకోండి, ఖాళీ చేసేటప్పుడు బిల్లులోంచి మినహాయించమనండి. కార్డే ఇవ్వక తప్పకపోతే, ఖాళీ చేసే రోజున గుమస్తా యంత్రం చేతిలోకి తీసుకోకముందే మొదటి స్లిప్పు ఆయన ముందు పెట్టి, ఈ అనుమతి నంబరు మీదే బిల్లు పూర్తి చేయండి అని చెప్పండి.